బిల్ ఆఫ్ ఎంట్రీ ఫోటో చూసి అసెసబుల్ వాల్యూ, డ్యూటీ, కట్టాల్సిన మొత్తం సరిచూసుకోవటం

"అన్నా, గుంటూరులో మాకు కారం మిల్లు ఉంది. చైనా నుంచి ప్యాకింగ్ మెషిన్ తెప్పించాం, వైజాగ్ పోర్టులో దిగింది. ఇన్‌వాయిస్ 10,000 డాలర్లు. బ్రోకర్ బిల్ ఆఫ్ ఎంట్రీ ఫోటో వాట్సాప్‌లో పెట్టి 2,64,524 కట్టేశాం, పంపండి అన్నాడు. అందులో ఏ నంబరు ఏంటో తెలీట్లేదు, పైగా ట్యాక్స్ 18 శాతమే కదా, ఇంత ఎందుకైంది?"

తమ్ముడూ, ముందు నీ బ్రోకర్ లెక్క తప్పు కాదు అని చెప్పేస్తా, కంగారు పడకు. నువ్వు పెట్టిన ఫోటో పెద్దది చేసుకుని రెండుసార్లు చూశాను, లెక్క పైసలతో సహా కలిసింది. కాకపోతే ఆ 2,64,524లో ఒక చిన్న ముక్క ఉంది, అది నువ్వు ఇవ్వాలా వాళ్లు పెట్టుకోవాలా అని అడగాల్సిన ముక్క, అక్కడికి చివర్లో వస్తా. నేను వైజాగ్‌లోనే క్లియరింగ్ పనిలో 17 ఏళ్ల నుంచి ఉన్నాను, రోజూ చూసే కాగితం ఇది, కాబట్టి నీ బిల్లు మీదే వేలు పెట్టి చూపిస్తా, తర్వాత నుంచి నువ్వే చూసుకోగలవు.

మొదటి పేజీ పైన కుడి వైపు పోర్టు కోడ్ INVTZ1 అని, BE No, BE Date అని ఉన్నాయి చూడు. ఆ నంబరు ఉంటేనే అది బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే కస్టమ్స్‌లో వేసిన దిగుమతి కాగితం. నంబరు లేకుండా ఇదే పోలికలో ఇంకో కాగితం కూడా బ్రోకర్లు పంపుతుంటారు, దాన్ని చెక్‌లిస్ట్ అంటారు, అంటే కస్టమ్స్‌లో వెయ్యకముందు నువ్వు చూసి ఓకే చెప్పటానికి ఇచ్చే డ్రాఫ్ట్ అన్నమాట. చెక్‌లిస్ట్‌లో అంకెలు మారొచ్చు, దాన్ని బట్టి డబ్బులు పంపటం మంచిది కాదు. నీది నంబరు పడిన బిల్లే, పైగా డబ్బు కట్టాక తీసిన ప్రింటు, కాబట్టి అందులో ఉన్నది చివరి లెక్క.

ఇప్పుడు అదే పేజీ మధ్యలో DUTY SUMMARY అని ఒక డబ్బా ఉంది. అందరూ తడబడేది ఇక్కడే. పైన వరసలో 1.BCD, 2.ACD, 3.SWS అలా మొదలై 7.IGST, 8.G.CESS దాకా పోతాయి, కింద ఇంకో వరసలో 9 నుంచి మొదలై 14.TOTAL DUTY, 15.INT, 16.PNLTY, 17.FINE, 18.TOT.ASS VAL, 19.TOT. AMOUNT అని ఉంటాయి. ప్రతి పేరు కింద దాని అంకె ఉంటుంది. ఫోటో మసకగా ఉంటే రెండు వరసలూ కలిసిపోయి పై వరస పేరుకి కింద వరస అంకె తగిలించి చదివేస్తారు, ఇంకొంతమంది పేరు ముందున్న ఆ 1, 2, 3 వరస నంబర్లను కూడా డబ్బు అనుకుంటారు. అందుకే నేను పేరు మీద వేలు పెట్టి నిలువుగా కిందకి జరుపుతాను, అడ్డంగా ఎప్పుడూ చదవను.

నీ బిల్లులో ఆ డబ్బాలో సున్నా కానివి ఇవే: BCD కింద 71444, SWS కింద 7144, IGST కింద 185610, TOTAL DUTY కింద 264198, INT కింద 326, TOT.ASS VAL కింద 952581.25, TOT. AMOUNT కింద 264524. మిగతావన్నీ సున్నాలు. అంకెల మధ్య కామాలు ఉండవు, అది గుర్తు పెట్టుకో, ఫోటోలో చుక్క కనిపించకపోతే 952581.25 కాస్తా 9 కోట్ల చిల్లర లాగా కనిపిస్తుంది, నిజంగానే ఒకసారి ఒకాయన నాకు ఫోన్ చేసి కోట్లలో వాల్యూ వేశారేంటి అని గాభరా పడ్డాడు పాపం.

ఇప్పుడు అసలు ప్రశ్న. నీ ఇన్‌వాయిస్ 10,000 డాలర్లు, బిల్లులో ఎక్స్‌ఛేంజ్ రేటు 1 డాలరుకి 86.50 అని ఉంది, అంటే 8,65,000 రూపాయలు అవ్వాలి. మరి TOT.ASS VAL 9,52,581 ఎందుకుంది? దీన్నే అసెసబుల్ వాల్యూ అంటారు, డ్యూటీ లెక్క అంతా దీని మీదే నడుస్తుంది, ఇది ఇన్‌వాయిస్ విలువ కాదు. కస్టమ్స్ చట్టం 1962లో సెక్షన్ 14, దాని కింద వచ్చిన 2007 వాల్యుయేషన్ రూల్స్ ఏం చెప్తాయంటే, సరుకు మన దేశపు పోర్టు దాకా రావటానికి అయిన ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కూడా సరుకు ధరలో కలపాలి అని. నీ ఇన్‌వాయిస్ మీద ఎఫ్‌ఓబీ అని ఉంది, అంటే చైనా పోర్టులో ఓడ ఎక్కించేదాకానే ఆ 10,000 డాలర్లు. ఆపైన ఓడ కిరాయి 900 డాలర్లు నువ్వే వేరేగా ఫార్వర్డర్‌కి ఇచ్చావు కదా, అది కలిసింది. ఇన్సూరెన్స్ పాలసీ నువ్వు తీసుకోలేదు, తీసుకోకపోయినా వదలరు, ప్రీమియం ఎంతో తెలీనప్పుడు ఎఫ్‌ఓబీ మీద 1.125 శాతం వేస్తారు, అంటే 112.50 డాలర్లు. మొత్తం 11,012.50 డాలర్లు, దాన్ని 86.50తో గుణిస్తే సరిగ్గా 9,52,581.25. ఈ ముక్కలన్నీ రెండో భాగంలో, ఇన్‌వాయిస్ వివరాలున్న పేజీలో విడివిడిగా కనిపిస్తాయి, TERM, FREIGHT, INSURANCE అని. నీ ఫోటోలో ఆ పేజీ కింది అంచు మడత పడింది కానీ చదవటానికి వీలవుతోంది.

ఎక్స్‌ఛేంజ్ రేటు గురించి ఒక మాట, బ్యాంకు నీ దగ్గర డాలరుకి ఎంత కోశారో దానికీ దీనికీ సంబంధం లేదు. కస్టమ్స్ వాళ్లు ప్రకటించే రేటు వేరే ఉంటుంది, బిల్లు వేసిన రోజున ఏ రేటు నడుస్తోందో అదే. జపాన్ యెన్, కొరియా వోన్ లాంటి వాటికి 100కి ఇంత అని ప్రకటిస్తారు, అలాంటి దేశాల నుంచి తెప్పిస్తే ఇది చూసుకోకపోతే లెక్క వంద రెట్లు తేడా కొడుతుంది.

ఈ TERM అనే చిన్న డబ్బాని మాత్రం వదిలెయ్యకు, డబ్బు పోయేది ఎక్కువగా అక్కడే. ఓడ కిరాయి ఎంతో కాగితం చూపించకపోతే రూల్ ప్రకారం ఎఫ్‌ఓబీ మీద 20 శాతం కిరాయి కింద వేస్తారు. నీ కేసులో ఫార్వర్డర్ ఇచ్చిన ఫ్రెయిట్ సర్టిఫికెట్ బ్రోకర్‌కి టైముకి అందింది కాబట్టి 900 పడింది. అది అందకపోయి ఉంటే 2,000 డాలర్లు వేసేవాళ్లు, అసెసబుల్ వాల్యూ 10,47,731 అయ్యేది, డ్యూటీ 2,90,588, అంటే ఒక కాగితం లేనందుకు 26,390 రూపాయలు ఎక్కువ. విమానంలో వస్తే మాత్రం నిజంగా అయిన కిరాయి ఎంతున్నా ఎఫ్‌ఓబీ మీద 20 శాతం దాటి కలపరు, అది మనకి లాభమే. ఇంకో తప్పు ఏంటంటే, ఇన్‌వాయిస్ సీఐఎఫ్ అయి ఉంటుంది, కిరాయి ఇన్సూరెన్స్ అన్నీ అందులోనే ఉంటాయి, టైప్ చేసే కుర్రాడు పొరపాటున ఎఫ్‌ఓబీ అని కొడతాడు, దాంతో అవి రెండోసారి కలుస్తాయి. ఇన్‌వాయిస్ పక్కన పెట్టుకుని TERM ఒక్కటి పోల్చి చూస్తే ఇది పది సెకన్లలో బయటపడుతుంది, కానీ చెక్‌లిస్ట్ టైములో చూడాలి, డబ్బు కట్టాక చూస్తే సరిచేయించటం పెద్ద పని. అప్పుడు బిల్లు సవరణకి పెట్టుకోవాలి, అసెస్‌మెంట్ మార్పించుకోకుండా నేరుగా రిఫండ్ అడిగితే ఇవ్వరు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది, రిఫండ్‌కి డ్యూటీ కట్టినప్పటి నుంచి ఏడాదే గడువు.

పాత బిల్లులు చూసి పోల్చుకునే వాళ్లకి ఒక సంగతి, 2017 సెప్టెంబర్ చివరి దాకా ల్యాండింగ్ చార్జీలని ఇంకో 1 శాతం కలిపేవాళ్లు, ఇప్పుడు లేదు. మీ నాన్నగారి కాలం ఫైల్లో బిల్లు చూసి ఫార్ములా తీస్తే ఇప్పటి బిల్లుకి కలవదు.

ఇక 18 శాతం గొడవ. 18 అనేది ఐజీఎస్టీ ఒక్కటే, అంటే దిగుమతి మీద పడే జీఎస్టీ. దానికంటే ముందు బేసిక్ కస్టమ్స్ డ్యూటీ ఉంది, BCD అంటే అదే, నీ మెషిన్ 84223000 అనే టారిఫ్ కోడ్ కింద పెట్టారు, బిల్లులో దాని రేటు 7.5 ఉంది. ఆ బేసిక్ డ్యూటీ మీద 10 శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జ్, అదే SWS. చూడు, ఇది వాల్యూ మీద 10 శాతం కాదు, డ్యూటీ మీద 10 శాతం, చాలామంది ఇక్కడ పొరబడి వాల్యూ మీద వేసేసి ఇంకా పెద్ద నంబరు తెచ్చుకుంటారు. తర్వాత ఐజీఎస్టీ, ఇది అసెసబుల్ వాల్యూ మీద కాదు, అసెసబుల్ వాల్యూకి బేసిక్ డ్యూటీ, సర్‌చార్జ్ రెండూ కలిపాక వచ్చిన మొత్తం మీద. నీ అంకెలతో రాస్తే ఇలా:

```
AV    = 952581.25
BCD   = 952581.25 x 7.5%  = 71443.59
SWS   = 71443.59 x 10%    = 7144.36
AV + BCD + SWS            = 1031169.20
IGST  = 1031169.20 x 18%  = 185610.46
TOTAL = 264198.41
```

మొదటి పేజీలో ఇవే పైసలు తీసేసి దగ్గరి రూపాయికి సర్ది ఉంటాయి, 71444, 7144, 185610, మొత్తం 264198. అందుకే ఒక రూపాయో రెండు రూపాయలో తేడా వస్తే పట్టించుకోకు, ఐటెమ్‌లు ఎక్కువున్న బిల్లులో ఇంకొంచెం కూడా రావచ్చు. పది రూపాయలు తేడా వస్తే మాత్రం ఎక్కడో అంకె తప్పు చదివావని అర్థం.

మధ్యలో ఉన్న ఆ 10,31,169.20 ఉంది చూడు, ఐజీఎస్టీ దేని మీద వేశారో ఆ మొత్తం, దాన్ని నువ్వే కూడి తెచ్చుకోవాలి. మీ అకౌంటెంట్ అసెసబుల్ వాల్యూ మీదే 18 శాతం వేసి చూస్తే 1,71,465 వస్తుంది, 14,146 తేడా ఎక్కడిదని జుట్టు పీక్కుంటాడు. ఆ 14,146 అంటే డ్యూటీ మీద పడిన ఐజీఎస్టీ, 78,588కి 18 శాతం అంతే.

ఇప్పుడు నేను నిజంగా ఫోటోలు ఎలా చదువుతానో చెప్తా. ఇన్నేళ్ల తర్వాత కూడా నేను కంటిని నమ్మను. వాట్సాప్ ఫోటోని నొక్కేసి చిన్నది చేసి పంపుతుంది కదా, 3 కాస్తా 8 లాగా, 1 కాస్తా 7 లాగా, 5 కాస్తా 6 లాగా కనిపిస్తాయి, చూసేవాడు ఎంత అనుభవం ఉన్నా అంతే. కానీ ఈ కాగితంలో గొప్పతనం ఏంటంటే ప్రతి అంకెకీ ఇంకో అంకె సాక్ష్యం చెప్తుంది. నీ ఫోటోలోనే TOT.ASS VAL దగ్గర లైటు పడి నాకు మొదట 952531.25 అని కనిపించింది. ఐటెమ్ పేజీలో BCD 71443.59 అని శుభ్రంగా ఉంది, దాన్ని 0.075తో భాగించాను, 9,52,581 వచ్చింది. అంటే అది 3 కాదు, 8. తర్వాత డాలర్ల వైపు నుంచి కూడా గుణించి చూశాను, అదే వచ్చింది. రెండు దారుల్లో ఒకటే నంబరు వస్తే ఇంక అనుమానం అక్కర్లేదు.

ఇంకా తొందరగా చూడాలంటే మూడు రేట్లని కలిపి ఒకే శాతం చేసి పెట్టుకోవచ్చు. 7.5కి సర్‌చార్జ్ 0.75 కలిపితే 8.25, ఆ 108.25 మీద 18 శాతం 19.485, అన్నీ కలిపి 27.735. అంటే నీ మెషిన్ మీద ప్రతి లక్ష అసెసబుల్ వాల్యూకి 27,735 డ్యూటీ. TOTAL DUTYని 0.27735తో భాగిస్తే అసెసబుల్ వాల్యూ రావాలి, రాకపోతే రెంట్లో ఒకటి తప్పు చదివినట్టు, లేకపోతే ఇంకేదో డ్యూటీ మధ్యలో కూర్చున్నట్టు. బేసిక్ 10 ఉన్నవాటికి ఇదే లెక్కలో 30.98 వస్తుంది. నేను ఈ శాతాలు గోడ మీద రాసి పెట్టుకున్నాను మా ఆఫీసులో, కొత్తగా చేరిన పిల్లలకి మొదట ఇదే నేర్పుతా.

అయితే ఈ ఒకే శాతం అన్ని బిల్లులకీ నడవదు. ఒకే బిల్లులో మెషిన్ ఒక రేటు, స్పేర్ పార్టులు ఇంకో రేటు ఉంటే మొత్తం మీద వేస్తే కలవదు, ఐటెమ్‌కి ఐటెమ్ విడిగా వెయ్యాలి, ఓడ కిరాయి కూడా ఐటెమ్‌ల విలువని బట్టి పంచి ఉంటుంది కాబట్టి ఐటెమ్ అసెసబుల్ వాల్యూ ఇన్‌వాయిస్ ధర కంటే కొంచెం పైనే ఉంటుంది. యాంటీ డంపింగ్ డ్యూటీ ఉంటే ADD అనే గడిలో వస్తుంది, ఐజీఎస్టీ వేసేటప్పుడు అదీ కలుస్తుంది. కొన్ని సరుకుల మీద 2021 నుంచి వ్యవసాయ సెస్ ఉంది, అది ఐటెమ్ పేజీలో పై పట్టీలో కాకుండా కింద OTHER DUTIES అనే పట్టీలో CAIDC అని ఉంటుంది, అది చూడకపోతే మొత్తం ఎందుకు కలవట్లేదో ఎంత తన్నుకున్నా తెలీదు. నీ బిల్లులో ఆ పట్టీ అంతా సున్నాలే.

ఐటెమ్ పేజీ గురించి ఇంకొక్కటి చెప్పాలి, ఇది చాలా ముఖ్యం. మూడో భాగంలో ఐటెమ్‌కి ఒక పట్టిక ఉంటుంది, పైన అడ్డంగా డ్యూటీల పేర్లు, ఎడమ పక్క నిలువుగా Notn No, Notn SNo, Rate, Amount, Duty FG అని. మొదటి రెండూ ఏ నోటిఫికేషన్ కింద ఆ రేటు వచ్చిందో చెప్తాయి, రేటు అంటే శాతం, Amount వరసలో ఉన్నదే నువ్వు కట్టేది. కిందున్న Duty FG అంటే వదిలేసిన డ్యూటీ, రాయితీ వల్ల ప్రభుత్వం వసూలు చెయ్యనిది. నాలుగైదేళ్ల క్రితం గోదావరి జిల్లా నుంచి ఒక పార్టీ ఎగుమతుల స్కీము కింద మెషిన్ తెప్పించారు, ఈపీసీజీ అంటారు దాన్ని, డ్యూటీ కట్టకుండా లైసెన్సులో డెబిట్ చేసుకునే పద్ధతి. ఫోటోలో ఎడమ అంచు కోసుకుపోయి Amount అనే మాట కనపడలేదు, వాళ్ల అకౌంటెంట్ కింద వరసలో పెద్ద పెద్ద అంకెలు చూసి అవే కట్టాలనుకుని మూడు లక్షల పైచిలుకు బ్రోకర్ ఖాతాకి వేసేశాడు. ఆ డబ్బు వెనక్కి రావటానికి రెండు నెలలు పట్టింది, ఈలోపు వాళ్లకి సరుకు కొనటానికి డబ్బు లేక ఎంత ఇబ్బంది పడ్డారో నేను చూశాను. ఆ రోజు నుంచి నేను ఎవరికీ బిల్లు ఫోటో తీసి పంపను, పీడీఎఫ్‌నే డాక్యుమెంట్‌గా పంపుతాను, నువ్వు కూడా నీ బ్రోకర్‌ని అదే అడుగు, ఇవ్వను అనటానికి కారణమే లేదు.

సరే, ఆఖరి ముక్క. TOTAL DUTY 264198, కానీ TOT. AMOUNT 264524. మధ్యలో 326 ఉంది, అది INT కింద ఉన్నది, అంటే వడ్డీ. డ్యూటీ గడువులో కట్టకపోతే ఏడాదికి 15 శాతం వడ్డీ పడుతుంది. 2,64,198 మీద రోజుకి 108 రూపాయల 57 పైసలు, మూడు రోజులకి 326. అంటే నీ డ్యూటీ మూడు రోజులు ఆలస్యంగా కట్టారు. మనమే అసెస్ చేసుకున్న బిల్లయితే వేసిన రోజే కట్టాలి, ఆఫీసర్ దగ్గరికి వెళ్లి తిరిగొచ్చిన బిల్లయితే సెలవులు పోను ఒక రోజు ఇస్తారు. ఇప్పుడు నువ్వు చూసుకోవాల్సింది ఏంటంటే, బ్రోకర్ నిన్ను డబ్బు ఎప్పుడు అడిగాడు, నువ్వు ఎప్పుడు సరే అన్నావు. నువ్వే ఆలస్యం చేస్తే 326 నీదే. వాళ్లు చలాన్ తియ్యటం మర్చిపోతే మర్యాదగా ఇది మీరే పెట్టుకోండి అని అడగొచ్చు, మంచి బ్రోకర్ అయితే కాదనడు. చిన్న మొత్తమే కానీ అడిగితే వాళ్లకి కూడా నువ్వు కాగితం చదువుతావని తెలుస్తుంది, తర్వాత బిల్లుల్లో జాగ్రత్తగా ఉంటారు.

PNLTY, FINE గడుల్లో నీ బిల్లులో సున్నాలే, అది మంచి విషయం. ఓడ రాకముందే బిల్లు వెయ్యాలి, ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకి 5,000, ఆ తర్వాత రోజుకి 10,000 లేట్ ఫీజు పడుతుంది, చిన్న మెషిన్లకి డ్యూటీలో సగం అక్కడే పోయిన సందర్భాలున్నాయి. మొత్తానికి TOT. AMOUNT అంటే డ్యూటీ, వడ్డీ, పెనాల్టీ, ఫైన్ ఈ నాలుగే, పక్కనే ఉన్న TOT.ASS VAL ఇందులో కలవదు, అది సరుకు విలువ, గవర్నమెంటుకి కట్టేది కాదు.

ఫోటోని ఇంకా నమ్మలేకపోతే ఒక దారి ఉంది. కస్టమ్స్ వాళ్ల ఐస్‌గేట్ సైట్లో లాగిన్ లేకుండానే బిల్ ఆఫ్ ఎంట్రీ స్టేటస్ చూడొచ్చు, పోర్టు INVTZ1 ఎంచుకుని BE నంబరు, తేదీ కొడితే అసెసబుల్ వాల్యూ TOT.ASSES. అని, డ్యూటీ TOT.DUTY అని చూపిస్తుంది, పేమెంట్ వివరాల్లో చలాన్ నంబరు, డ్యూటీ ఎంత, వడ్డీ ఎంత, కట్టింది ఎంత విడివిడిగా వస్తాయి. అక్కడ 264198, 326 కనిపిస్తే నీ బ్రోకర్ చెప్పింది నిజం. ఈ తనిఖీకి రెండు నిమిషాలు కూడా పట్టదు, నేను ఎవరికైనా డబ్బు పంపేముందు ఇది చూడమనే చెప్తా.

ఇంక బ్రోకర్ నీకు ఇంకో బిల్లు పంపుతాడు, అందులో షిప్పింగ్ లైన్ డెలివరీ ఆర్డర్ చార్జీలు, కంటైనర్ ఉంచే సీఎఫ్‌ఎస్ యార్డు అద్దె, వాళ్ల ఏజెన్సీ ఫీజు, లారీ కిరాయి ఉంటాయి. అవేవీ బిల్ ఆఫ్ ఎంట్రీలో వెతక్కు, ఉండవు, వాటికి విడిగా రసీదులు అడుగు.

చివరిగా మీ అకౌంటెంట్‌కి చెప్పు, 1,85,610 ఐజీఎస్టీ మీకు ఇన్‌పుట్ క్రెడిట్ కింద వస్తుంది, కారం మీద జీఎస్టీ కడుతున్నారు కాబట్టి వాడుకోవచ్చు, కానీ బేసిక్ డ్యూటీ, సర్‌చార్జ్ కలిపి 78,588 క్రెడిట్ రాదు, అది మెషిన్ ఖర్చులోనే కలిపి రాసుకోవాలి. వడ్డీ కూడా క్రెడిట్ కాదు. మొదటి పేజీలో పోర్టు కోడ్ దగ్గరే మీ జీఎస్టీ నంబరు ఉంటుంది, 37తో మొదలయ్యే పదిహేను అక్షరాలు, అది ఒక్కసారి అక్షరం అక్షరం చూడమను. నీ ఫోటోలో చివరి మూడు అక్షరాలు మీద స్టాంపు పడి నాకు కనపడలేదు, అది తప్పుంటే మీ జీఎస్‌టీఆర్-2బీలో ఈ బిల్లు కనిపించదు, ఆ 1,85,610 అలా ఆగిపోతుంది. కనిపించే దాకా ప్రతి నెలా చూడమను, పోర్టు కోడ్, బిల్లు నంబరు, తేదీ ఈ మూడూ అక్కడా ఒకేలా ఉండాలి. స్టాంపు లేని పీడీఎఫ్ వచ్చాక ఆ మూడు అక్షరాలు సరిపోయాయో లేదో ఇక్కడ రాయి, లేకపోతే సవరణకి ఏ కాగితాలు పెట్టాలో చెప్తా.